అప్పు పోను, నగదు కలుపుకొని: రెండు రేవుల లెక్క

2021 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆంధ్రప్రదేశ్ తీరంలోని రెండు ప్రైవేటు రేవులు వెంటవెంటనే వార్తల్లోకి వచ్చాయి. ఒకటి విశాఖ ఉక్కు కర్మాగారం పక్కనున్న గంగవరం, రెండోది నెల్లూరు జిల్లా కృష్ణపట్నం. రెండింటినీ కొంటున్నది ఒకే సంస్థ, అదానీ పోర్ట్స్. గంగవరంలో షేరుకు 120 రూపాయల చొప్పున వాటాలు తీసుకుంటున్నట్టు ఆ సంస్థ ప్రకటించింది. కృష్ణపట్నంలో అప్పటికే 75 శాతం దాని చేతిలో ఉంది. మిగిలిన 25 శాతాన్ని విశ్వసముద్ర హోల్డింగ్స్ నుంచి 2,800 కోట్లకు కొంటున్నట్టు చెప్పింది.

వీటిలో ఏ రేవుకు ఎక్కువ ధర కట్టినట్టు?

పేపరు చదివి కాలిక్యులేటర్ తీసిన మనిషి ఇలా లెక్క వేస్తాడు. గంగవరం పోర్టుకు మొత్తం 51.7 కోట్ల షేర్లున్నాయి. షేరు 120 చొప్పున అన్నీ కలిపితే 6,204 కోట్లు. 2019-20లో ఆ రేవు ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు మిగిలిన లాభం, 634 కోట్లు. భాగిస్తే 9.8 రెట్లు. ఇక కృష్ణపట్నంలో పాతిక శాతం 2,800 కోట్లయితే నూరు శాతం 11,200 కోట్లు. 2020-21కి కంపెనీ చెప్పిన ఎబిటా 1,325 కోట్లు. భాగిస్తే దాదాపు 8.5 రెట్లు. కాబట్టి గంగవరమే ఖరీదు అని తేల్చేస్తాడు.

భాగహారంలో తప్పు లేదు. తేల్చిన మాట మాత్రం తలకిందులైంది. నిజానికి ఎక్కువ రెట్ల ధర పలికింది కృష్ణపట్నానికే. ఎలాగో చూడాలంటే ముందు ఒక లారీ బేరం దగ్గరికి వెళ్లాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత లారీ అమ్మకానికి వచ్చిందనుకుందాం. మధ్యవర్తి ఇంజిన్ విని, టైర్లు చూసి, ఛాసిస్ కిందికి వంగి లేచి, “బండి ముప్పై లక్షలకు ఖాయం అన్నా, ఫైనాన్స్ ఎంతుంది?” అంటాడు. ఆ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ముప్పై లక్షలు బండి విలువ. బండి ఎవరి పేరున ఉన్నా, ఎంత ఫైనాన్స్ మీద ఉన్నా అది మారదు. ఫైనాన్స్ కంపెనీకి ఇంకా 18 లక్షలు కట్టాల్సి ఉంటే యజమాని చేతికి వచ్చేది 12 లక్షలే. ఆపైన యజమాని ఇంకో మాట అంటాడు: “ఫాస్టాగ్‌లో ఇరవై వేలున్నాయి, అవి నావే కదా!” నిజమే, అవి అతనివే. కొనేవాడు వాటిని వాడుకుంటాడు గనుక ధరకు కలపాలి. లెక్క 12 లక్షల 20 వేలు.

కంపెనీల కొనుగోళ్లలో జరిగేది కూడా ఇదే. బండి ధర ఎంటర్‌ప్రైజ్ విలువ. యజమాని చేతికి వచ్చేది ఈక్విటీ విలువ. మొదటిదాని నుంచి రెండోదానికి రావాలంటే అప్పు తీసేయాలి, నగదు కలపాలి.

మరి మల్టిపుల్‌ను ఎంటర్‌ప్రైజ్ విలువకే ఎందుకు వాడాలి, నేరుగా ఈక్విటీకి వాడితే పోలేదా అన్న ప్రశ్న వస్తుంది. సమాధానం ఎబిటా స్వభావంలోనే ఉంది. ఎబిటా వడ్డీ కట్టకముందు లెక్క. రేవులోకి ఓడ వచ్చింది, బొగ్గు దిగింది, చార్జీలు వసూలయ్యాయి, కూలీ, కరెంటు, మరమ్మతుల ఖర్చులు పోయాయి, మిగిలింది ఎబిటా. ఇందులోంచే బ్యాంకుకు వడ్డీ వెళ్లాలి, ప్రభుత్వానికి పన్ను వెళ్లాలి, ఆ తర్వాతే వాటాదారులకు. అప్పు ఇచ్చినవాళ్లకూ వాటాదారులకూ ఉమ్మడిగా వచ్చే రాబడిని పది రెట్లు చేస్తే వచ్చే విలువ కూడా ఉమ్మడిదే అవుతుంది. అందులోంచి అప్పు ఇచ్చినవాళ్ల వంతు తీసేస్తేనే వాటాదారుల వంతు తేలుతుంది. వడ్డీ, పన్ను అన్నీ పోయిన నికర లాభాన్ని రెట్లు కడితే సంగతి వేరు. అది వాటాదారులకు మాత్రమే చెందిన లాభం కాబట్టి నేరుగా ఈక్విటీ విలువే వస్తుంది, మళ్లీ అప్పు తీయకూడదు. ఈ రెంటినీ కలగలిపితే తప్పు పుడుతుంది. కాలిక్యులేటర్ తీసిన మనిషి చేసింది అదే: పైన ఈక్విటీ పెట్టి, కింద ఎబిటా పెట్టాడు.

ఇప్పుడు రేవుల దగ్గరికి తిరిగి వద్దాం. గంగవరం పోర్టుకు అప్పే లేదని, 500 కోట్లకు పైగా నగదు ఉందని కొనుగోలు ప్రకటనలోనే చెప్పారు. అంటే షేర్ల మొత్తం విలువ 6,204 కోట్లలో 500 కోట్లు రేవు ధర కాదు, రేవు పేరున ఉన్న డబ్బు ధర. ఆ సొమ్ము కొన్నవాళ్లకే వెళ్తుంది. కాబట్టి రేవు వ్యాపారానికి కట్టిన ధర సుమారు 5,704 కోట్లు. 634 కోట్ల ఎబిటాతో భాగిస్తే 9 రెట్లు.

కృష్ణపట్నం కథ దీనికి ఎదురు. 25 శాతం కొనుగోలు ప్రకటనలో ఎంటర్‌ప్రైజ్ విలువ 13,675 కోట్లు, ఎబిటాకు 10.3 రెట్లు అని రాశారు. వాటాల లెక్కన ఈక్విటీ 11,200 కోట్లు. ఈ రెంటికీ మధ్య 2,475 కోట్ల తేడా ఉంది. అప్పు, అప్పులాంటి బాకీలు, వాటికి ఎదురుగా ఉన్న నగదు అన్నీ సర్దుకున్నాక మిగిలిన నికర అప్పు అది. గంగవరంలో ఈక్విటీ విలువ రేవు విలువను మించింది, కృష్ణపట్నంలో రేవు విలువ ఈక్విటీని మించింది. ఒకదాని లెక్క 2019-20ది, మరోదాని లెక్క 2020-21ది కాబట్టి పోలిక నూటికి నూరుపాళ్లు సమానం కాదు. అయినా 9 రెట్లు ఎక్కడ, 10.3 రెట్లు ఎక్కడ? వాటాల ధర మాత్రమే చూసినప్పుడు 9.8, 8.5గా తలకిందులై కనిపించిన వరుస అప్పును, నగదును సర్దగానే సరైంది.

కృష్ణపట్నంలోనే ఇంకో పాఠం ఉంది, ఇది మరింత ఆసక్తికరం. ఆ రేవులో 75 శాతం కొనుగోలును 2020 జనవరిలో మొదటిసారి ప్రకటించినప్పుడు ఎంటర్‌ప్రైజ్ విలువ 13,572 కోట్లన్నారు. వాటా కోసం పెట్టే నగదు 5,520 కోట్లన్నారు. 75 శాతానికి 5,520 అయితే మొత్తం ఈక్విటీ 7,360 కోట్లు. ఏడాదిన్నర తిరగకుండానే వచ్చిన 2021 ఏప్రిల్ ప్రకటనలో ఎంటర్‌ప్రైజ్ విలువ 13,675 కోట్లు. రెండు సార్లూ రేవుకు కట్టిన ధర ఇంచుమించు ఒకటే. కానీ మొదటి లెక్కన ఒక్క శాతం వాటా విలువ 73 కోట్ల 60 లక్షలు, రెండో లెక్కన 112 కోట్లు. రేవు మారలేదు, ధర వంద కోట్లే పెరిగింది. మధ్యలో తీసివేయాల్సిన మొత్తం 6,212 కోట్ల నుంచి 2,475 కోట్లకు దిగింది. వాటాదారుడి సంచి బరువు మార్చింది ఆ అంకె ఒక్కటే. అందులో ఏ పద్దు ఎంతో తెలియాలంటే ఆయా తేదీల బ్యాలెన్స్ షీట్లు తెరవాలి. విలువ కట్టేవాళ్ల సగం పని అక్కడే ఉంటుంది.

ఈ రెండు ప్రకటనల మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 అక్టోబరులో 75 శాతం కొనుగోలు పూర్తయ్యేనాటికి ఎంటర్‌ప్రైజ్ విలువ 12,000 కోట్లకు తగ్గింది. ఆ ఏడాది వస్తుందనుకున్న 1,200 కోట్ల ఎబిటాకు అది పది రెట్లు. 13,572 నుంచి 12,000కు రావడమంటే దాదాపు 12 శాతం తగ్గుదల. జనవరి నాటి 6,212 కోట్ల నికర అప్పు అలాగే ఉందనుకొని లెక్క వేస్తే ఈక్విటీ 7,360 నుంచి 5,788కి, అంటే 21 శాతం పడిపోయేది. అప్పు ఇచ్చినవాడు తన అసలులో రూపాయి కూడా వదులుకోడు. విలువలో వచ్చిన తగ్గుదల మొత్తం వాటాదారుడి మీదే పడుతుంది. అప్పు ఎక్కువున్న కంపెనీల బేరాల్లో “ఎన్ని రెట్లు” అన్నదాని మీద అర పాయింటు కోసం కూడా రాత్రిళ్లు వాదించుకునేది ఇందుకే.

ఇంతవరకు అప్పు అంటే అప్పు, నగదు అంటే నగదు అన్నట్టు మాట్లాడుకున్నాం. అసలు తగాదా మొదలయ్యేది ఈ రెండు మాటల అర్థం దగ్గరే. పెద్ద రేవుల కంటే చిన్న వ్యాపారంలో ఇది బాగా కనిపిస్తుంది. గుంటూరులో మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీని ఊహించుకుందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. ముగ్గురు బంధువులకు సమాన వాటాలు. ఏడాది ఎబిటా 6 కోట్లు, బేరం 7 రెట్లకు కుదిరింది. అంటే స్టోరేజీ విలువ 42 కోట్లు. బ్యాలెన్స్ షీట్‌లో బ్యాంకు టర్మ్ లోను 11 కోట్లు, క్యాష్ క్రెడిట్ 4 కోట్లు, నగదు, డిపాజిట్లు కలిపి 3 కోట్లు. 42లోంచి 15 తీసి 3 కలిపితే 30. తలా పది కోట్లు వస్తాయని ముగ్గురూ సంతోషంగా ఉన్నారు.

కొనేవారి తరఫు ఆడిటరు వచ్చి పుస్తకాలు తిరగేస్తాడు. మొదట పట్టుకునేది నగదునే. 3 కోట్లలో 1 కోటి 20 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్. ఏదో గ్యారంటీ కోసం బ్యాంకు దాన్ని తాకట్టులో ఉంచుకుంది. గ్యారంటీ ఉన్నంత కాలం ఆ డబ్బును ఎవరూ తీయలేరు. తీయలేని డబ్బుకు రూపాయికి రూపాయి ఇవ్వడానికి ఏ కొనుగోలుదారూ ఒప్పుకోడు. బ్యాలెన్స్ షీట్ ముందు పేజీలో ఇది నగదు కిందే కనిపిస్తుంది. వెనక నోట్లు చదివితే గానీ “తాకట్టు” అన్న మాట బయటపడదు.

తర్వాత అప్పు పేరుతో కనిపించని అప్పులు. కొత్త చాంబరుకు తెప్పించిన కంప్రెసరుకు 1 కోటి 40 లక్షలు బాకీ ఉంది. పుస్తకాల్లో అది “ఇతర చెల్లింపులు” కింద ఉంది. రోజువారీ సరుకుల బాకీ అయితే వ్యాపారంలో భాగమనుకోవచ్చు. కానీ ఇది ఆస్తి కొన్న బాకీ. ఆ యంత్రం తెచ్చే రాబడికి 7 రెట్ల ధర అమ్మేవాళ్లు ముందే తీసుకుంటున్నారు. దాని ఖరీదు మాత్రం కొన్నవాళ్లు కట్టాలంటే కుదరదు. కాబట్టి తీసేయాలి. పనివాళ్ల గ్రాట్యుటీకి విడిగా నిధి ఏదీ పెట్టలేదు, అది 60 లక్షలు. ఎప్పుడో ఒకప్పుడు కట్టక తప్పదు, అదీ తీసేయాలి.

అన్నిటికంటే సున్నితమైనది చివరిది. ముగ్గురిలో పెద్దాయన ఒక కష్టకాలంలో సొంత డబ్బు 2 కోట్ల 50 లక్షలు స్టోరేజీలో పెట్టాడు. పత్రం లేదు, వడ్డీ లేదు, పుస్తకాల్లో ఒక పద్దు మాత్రం ఉంది. ఇంట్లో అందరూ దాన్ని పెట్టుబడి అనే అనుకుంటూ వచ్చారు. లెక్కకు అది అప్పు.

30 కోట్లలోంచి ఈ నాలుగూ తీస్తే 24 కోట్ల 30 లక్షలు. తలా 8 కోట్ల 10 లక్షలు. పెద్దాయనకు తన 2 కోట్ల 50 లక్షలు విడిగా వస్తాయి. 7 రెట్లు, 42 కోట్లు అన్న అంకెల్లో ఏమీ మారలేదు. అయినా మిగిలిన ఇద్దరూ ఇంటికెళ్లి చెప్పాల్సిన అంకె దాదాపు 2 కోట్లు తగ్గింది.

ఇక తేదీ. మిర్చి టిక్కీలు ఎండాకాలంలో లోపలికి వస్తాయి. అద్దెను సాధారణంగా సరుకు బయటికి తీసేటప్పుడు చెల్లిస్తారు. అందుకే మార్చి 31న స్టోరేజీ నిండుతూ ఉంటుంది, గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. డిసెంబరుకు సరుకు చాలావరకు బయటికి పోయి, అద్దెలు వసూలై, బ్యాంకు ఖాతా నిండుగా ఉంటుంది. అదే వ్యాపారం, అవే 7 రెట్లు. డిసెంబరులో అమ్మితే కలిపే నగదు ఎక్కువ. కానీ ఆ డబ్బులో కొంత వచ్చే సీజన్ దాకా కరెంటు బిల్లులకు, జీతాలకు కావాలి. అది మిగులు కాదు, వ్యాపారం తిరగడానికి కావాల్సిన ఇంధనం. ఫాస్టాగ్‌లో ఉన్న ఇరవై వేలకు ధర కట్టొచ్చు గానీ, ఇంజిన్‌లో ఉన్న ఆయిల్‌కు ఎవరూ విడిగా ధర కట్టరు. బండి నడవడానికి అది ఉండాల్సిందే.

ఇదే సందులోంచి ఒక తప్పుడు పని కూడా దూరుతుంది. ఒప్పందానికి ముందు రెండు నెలలు అమ్మేవాళ్లు కరెంటు బిల్లు, కూలి మేస్త్రీ బిల్లు కట్టకుండా ఆపితే ఖాతాలో నగదు పెరుగుతుంది. 40 లక్షలు అలా ఆపితే ధరకు 40 లక్షలు కలుస్తాయి. బిల్లులు మాత్రం కొన్నవారి నెత్తిన పడతాయి. అంటే అదే డబ్బు రెండుసార్లు కట్టినట్టు. దీన్ని కనిపెట్టే మార్గం కష్టమేం కాదు. గత 12 నెలల్లో నెలనెలా బాకీలు ఎంత ఉండేవో వరుసగా రాసుకుని, చివరి నెలల అంకె వాటికంటే ఎత్తుగా ఉందేమో చూడాలి. పకడ్బందీ ఒప్పందాల్లో ఆ 12 నెలల సగటును మామూలు నిర్వహణ మూలధనంగా రాసుకుంటారు. చేతులు మారే రోజున అంతకంటే తగ్గితే తగ్గినంత ధరలోంచి కోసేస్తారు, పెరిగితే కలుపుతారు. ఆ ఒక్క వాక్యం లేని ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మేలు.

అద్దె దుకాణాల మీద నడిచే వ్యాపారాల్లో మరో చిక్కు ఉంది. మందుల షాపుల గొలుసు, బట్టల షోరూములు అలాంటివి. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 అనే లెక్కల ప్రమాణం ప్రకారం దీర్ఘకాలిక అద్దె ఒప్పందాన్ని అప్పులాగే బ్యాలెన్స్ షీట్‌లో చూపాలి. ఏటా కట్టే అద్దె తరుగుదలగా, వడ్డీగా విడిపోతుంది. ఈ రెండూ ఎబిటా కిందికి వెళ్లిపోతాయి కాబట్టి ఎబిటా ఉన్నపళంగా ఉబ్బుతుంది. అద్దె పోగా 20 కోట్లున్న ఎబిటా, 8 కోట్ల అద్దె కిందికి దిగిపోవడంతో 28 కోట్లవుతుంది. వ్యాపారంలో అదనంగా ఒక్క గిరాకీ కూడా రాలేదు. 10 రెట్లు వేస్తే మాత్రం విలువ 80 కోట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఉబ్బిన ఎబిటాను వాడితే అద్దె ఒప్పందాల బాకీని కూడా అప్పుగా తీసేయాలి. పాత పద్ధతి ఎబిటాను వాడితే తీయకూడదు. పోల్చి చూసే ఇతర కంపెనీల రెట్లు కూడా అదే పద్ధతిలో లెక్కించినవై ఉండాలి. ఒక కాలు ఈ పడవలో, ఒక కాలు ఆ పడవలో పెట్టిన లెక్కలు ఇప్పటికీ చాలా నివేదికల్లో కనిపిస్తున్నాయి.

చివరగా మళ్లీ గంగవరం. ఆ రేవులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 10.4 శాతం వాటా ఉండేది. షేరు 120 చొప్పున ఆ వాటాకు 644 కోట్ల 78 లక్షలు లెక్క తేలింది. రేవు ఖాతాలో ఉన్న 500 కోట్లలో ప్రభుత్వ వంతు 52 కోట్లు. అంటే ఆ సొమ్ములో 52 కోట్లు నగదుకు నగదు. దాదాపు 593 కోట్లే ఓడలు, క్రేన్లు, లోతైన సముద్రం తెచ్చిన ధర. ఆ 500 కోట్లు లేకుండా, కృష్ణపట్నం మాదిరిగా 2,475 కోట్ల నికర అప్పు ఉండి ఉంటే, అదే రేవుకు అవే 9 రెట్లు కట్టినా 5,704 కోట్లలోంచి ఈక్విటీకి మిగిలేది 3,229 కోట్లు. షేరు ధర 120కి బదులు 62 రూపాయల చిల్లర, రాష్ట్ర ఖజానాకు చేరేది సుమారు 336 కోట్లు.